మిరప చేలో రోబోకు ఎంత ప్యానెల్, ఎంత బ్యాటరీ: ఒక వాదోపవాదం

ప్రశ్న: “గుంటూరు జిల్లాలో మా మిరప చేలో వరుసల మధ్య తిరుగుతూ ఆకులనూ కాయలనూ ఫొటోలు తీసే పాతిక కిలోల నాలుగు చక్రాల రోబోను తయారు చేసుకున్నాం. కంప్యూటరు, కెమెరా, రేడియో కలిసి ఎప్పుడూ 10 వాట్లు తీసుకుంటాయి. నడిచేటప్పుడు మోటార్లకు మరో 22 వాట్లు కావాలి. ప్రతి పది నిమిషాల్లో నాలుగు నిమిషాలే నడుస్తుంది. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఆగకూడదంటే దాని మీద ఎంత ప్యానెల్, లోపల ఎంత బ్యాటరీ పెట్టాలి?”

ఈ ప్రశ్న మీద వాదించుకుంటున్నవారిలో ఒకరు ఏళ్ల తరబడి సోలార్ పంపులు బిగించిన బాబాయి. రెండోవాడు రోబోలు తయారు చేసే అబ్బాయి. నా మొగ్గు బాబాయి వైపే. అయినా అబ్బాయి చెప్పినవాటిలో నిలబడేవి ఉన్నాయి, వాటిని దాచలేదు.

అబ్బాయి: ఇందులో తర్జనభర్జన పడాల్సిందేమీ లేదు బాబాయి గారూ. మోటార్లు నూటికి నలభై వంతుల సేపే తిరుగుతాయి కాబట్టి వాటి సగటు దాదాపు 9 వాట్లు, మిగతావి 10 వాట్లు. మొత్తం 19 వాట్లు పన్నెండు గంటలకు సుమారు 226 వాట్ అవర్లు అవుతాయి. మన దగ్గర రోజుకు ఐదు గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు వస్తుంది. అంటే 50 వాట్ల ప్యానెల్ 250 వాట్ అవర్లు ఇస్తుంది. పగలే నడిచే యంత్రానికి పెద్ద బ్యాటరీ దండగ, 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ చాలు. మీరు బిగించిన పంపులకు అసలు బ్యాటరీయే ఉండదు కదా?

బాబాయి: పంపుకు బ్యాటరీ లేదన్నది నిజమే. కానీ మబ్బు అడ్డొస్తే పంపు నెమ్మదిస్తుంది, అప్పటిదాకా తోడిన నీళ్లు తొట్టిలో ఉంటాయి, ఎండ రాగానే మళ్లీ వేగం పుంజుకుంటుంది. నీ రోబోలోని కంప్యూటరుకు అలా నెమ్మదించడం చేతకాదు. వోల్టేజీ ఒక్క క్షణం పడిపోయినా ఆగిపోయి మొదటి నుంచి లేస్తుంది. అది అలా ఉంచి, నీ ఐదు గంటలు ఏ నెలవి? గుంటూరు వైపు మిరప నాటేది ఆగస్టు, సెప్టెంబరుల్లో, కోతలు సాగేది వేసవి మొదలయ్యేదాకా. మే నెల ఎండతో మనకు పని లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో చదునుగా పరిచిన ప్యానెల్ మీద పడే వెలుగును నాలుగున్నర గంటలుగా పట్టుకో. నాసా పవర్ వెబ్‌సైటులో మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే నెలవారీ లెక్క ఉచితంగా దొరుకుతుంది, నా మాట నమ్మనక్కర్లేదు. ఇక ప్యానెల్ వెనక రాసిన 50 వాట్లు 25 డిగ్రీల వేడిలో కొలిచినవి. చేలో ఎండలో నల్లటి ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది, అక్కడ ఏడో వంతు పోతుంది. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఛార్జింగును నడిపే చవక పీడబ్ల్యూఎం కంట్రోలర్ 18 వోల్టుల ప్యానెల్‌ను 13 వోల్టుల బ్యాటరీ దాకా లాగేస్తుంది, అక్కడ నాలుగో వంతుకు పైగా పోతుంది. దుమ్ముకు మరో ఎనిమిది శాతం. 225 అనుకున్నది చివరికి 130 దగ్గర ఆగుతుంది.

అబ్బాయి: మీ లెక్కలో ఒకే నష్టాన్ని రెండుసార్లు తీసివేశారు. వేడికి ప్యానెల్‌లో పడిపోయేది ప్రధానంగా వోల్టేజీ. కరెంటు దాదాపు అలాగే ఉంటుంది. పీడబ్ల్యూఎం కంట్రోలర్ ఆ పై వోల్టేజీని ఎలాగూ వాడుకోదు. వాడుకోని వోల్టేజీ వేడికి కొంత తగ్గితే మనకు పోయేదేముంది? అందుకే ఈ కంట్రోలర్‌తో లెక్క వాట్లలో కాకుండా ఆంపియర్లలో వేయాలి. 50 వాట్ల ప్యానెల్ నిండు ఎండలో 2.8 ఆంపియర్లు ఇస్తుంది. నాలుగున్నర గంటలకు 12.6 ఆంపియర్ అవర్లు, దుమ్ము తీసేస్తే 11.6. అంటే 13 వోల్టుల దగ్గర 130 కాదు, 150 వాట్ అవర్లు. ఎక్కువ ధర పెట్టి, ఆ పై వోల్టేజీని కూడా కరెంటుగా మార్చుకునే ఎంపీపీటీ కంట్రోలర్ కొనాలని అందరూ అంటారు గానీ, వేడెక్కిన చేలో దానివల్ల కలిసొచ్చేది పదో వంతుకు కాస్త పైన మాత్రమే.

బాబాయి: నువ్వన్నది సరైనదే, నేను రెండుసార్లు తీసేశాను. ఇకపై ఆంపియర్లలోనే చూద్దాం. రోబోకు కావలసిన 226 వాట్ అవర్లు అంటే 17.4 ఆంపియర్ అవర్లు. నీ సొంత లెక్క ప్రకారమే నీ ప్యానెల్ ఇచ్చేది 11.6. నన్ను సరిదిద్దాక కూడా రోజుకు దాదాపు ఆరు తక్కువ పడుతోంది. నీ బ్యాటరీ మొత్తం ఏడే, అందులో లెడ్ యాసిడ్‌ను సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. రోబో మొదటి రోజు మధ్యాహ్నం బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అదే రోజు సాయంత్రానికి తడబడుతుంది, రెండో రోజు పొద్దున్నే కదలదు.

అబ్బాయి: అయితే 80 వాట్లు పెడదాం. 4.44 ఆంపియర్ల చొప్పున దుమ్ము పోను 18.4 వస్తుంది, 17.4 కావాలి. సరిపోయింది. దుమ్ము గురించి కూడా మీరు అతిగా భయపెడుతున్నారు. అంగారకుడి మీద ఆపర్చునిటీ రోవర్ 2004 నుంచి ఏళ్ల తరబడి ప్యానెల్ తుడిచే మనిషి లేకుండానే నడిచింది, గాలే ఎప్పటికప్పుడు దుమ్మును ఊదేసింది.

బాబాయి: ఆ రోవరే 2018 జూన్‌లో గ్రహమంతా కమ్మిన దుమ్ము తుఫానులో వెలుగు అందక మూగబోయింది, మళ్లీ లేవలేదు. ఆ ఉదాహరణ నీకెంత పనికొస్తుందో నాకూ అంతే.

అబ్బాయి: అది తుఫాను. నేను రోజువారీ దుమ్ము సంగతి చెప్తున్నాను.

బాబాయి: రోజువారీ దుమ్ము కూడా ఇక్కడ పొడిగా ఉండదు. మిరపకు మందు కొట్టిన రోజున ఆ తుంపర ప్యానెల్ మీద పడి, దుమ్ముతో కలిసి అట్ట కడుతుంది. దాన్ని గాలి ఊదలేదు, తడిగుడ్డ కావాలి. వారానికోసారి తుడిచేవాళ్లుంటే ఎనిమిది శాతం, లేకపోతే ఎంతో చెప్పలేను. అంతకంటే ముందు నీ కెమెరా స్తంభాన్ని చూడు. ఆ సన్నటి గొట్టం నీడ పొద్దున్నే ప్యానెల్ మీద అడ్డంగా పడుతుంది. ప్యానెల్‌లోని గడులన్నీ వరుసగా ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి, ఒక్క గడి నీడలో పడితే ఆ వరుస మొత్తం కరెంటు ఆ గడి ఇచ్చినంతకే దిగిపోతుంది. నీడ చూడటానికి ప్యానెల్‌లో పదో వంతు కూడా ఉండదు, నష్టం మాత్రం సగం దాకా పోతుంది. అనుమానముంటే కంట్రోలర్ తీగకు డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి, రోబోను ఉన్నచోటే మెల్లగా గుండ్రంగా తిప్పు. ఒక దిక్కున కరెంటు ఉన్నట్టుండి పడిపోతే అది నీడే. స్తంభాన్ని ప్యానెల్ అంచు బయటికి జరుపు, లేదా పొట్టిది చెయ్యి.

ఇప్పుడు నీ 80 వాట్ల సంగతికి వస్తాను. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. నీ లెక్కలో మిగులు ఒక్క ఆంపియర్ అవర్. పెద్ద ప్యానెల్ రెండున్నర కిలోల బరువు కలుపుతుంది, మెత్తటి నేలలో మోటార్ల ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది, ఆ ఒక్కటీ దాదాపు కరిగిపోతుంది. సగటు రోజున బ్యాలెన్సు సున్నా. ఒక ముసురు రోజు వచ్చిందనుకో, వెలుగు గంటన్నరకు సమానంగానే ఉంటుంది. ఆ రోజు ప్యానెల్ ఆరు ఆంపియర్ అవర్లు ఇస్తుంది, మిగతా పన్నెండు బ్యాటరీ పెట్టాలి. పెద్ద బ్యాటరీ ఉంటే పెడుతుంది కూడా. మర్నాడు ఎండ కాస్తుంది, కానీ వచ్చిందంతా ఆ రోజు ఖర్చుకే సరి. ఎల్లుండీ అంతే. నిన్నటి అప్పు ఎన్నడూ తీరదు. రెండో ముసురు వచ్చేసరికి బ్యాటరీ ఖాళీగానే ఉంటుంది. ఒక చీకటి రోజును దాటించేది బ్యాటరీ, దాన్ని మళ్లీ నింపేది ప్యానెల్ మిగులు. ఈ రెండో పనికి లెక్క వేయకుండా బ్యాటరీని ఎంత పెద్దది చేసినా అది ఒక్కసారే పనికొస్తుంది.

100 వాట్లు పెట్టి చూడు. 5.5 ఆంపియర్ల చొప్పున, దుమ్ము పోను రోజుకు సుమారు 23 వస్తుంది. నాలుగు కిలోల అదనపు బరువు కలుపుకొని ఖర్చు 18.7 అనుకుందాం. మిగులు నాలుగుకు పైగా. ముసురు రోజున ప్యానెల్ ఎనిమిది దాకా ఇస్తుంది, పదకొండు తక్కువ పడుతుంది. ఆ పదకొండును రెండున్నర, మూడు రోజుల్లో తిరిగి నింపుకుంటుంది. బ్యాటరీ 12.8 వోల్టుల 20 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది. అందులో పదహారు ధైర్యంగా వాడుకోవచ్చు, బరువు నువ్వు చెప్పిన లెడ్ యాసిడ్ కంటే పెద్దగా ఎక్కువ కాదు. ప్యానెల్ సుమారు మీటరు పొడవు, రెండడుగుల పైచిలుకు వెడల్పు ఉంటుంది. మొక్కలు గుబురెక్కాక వరుసల మధ్య పడుతుందో లేదో చేలోనే టేపు పెట్టి కొలవండి.

అబ్బాయి: ముసురు రోజులకోసం ఏడాదంతా నాలుగు కిలోలు మోయించడం నాకు నచ్చలేదు. తెలివిగా నడిపితే సరిపోతుంది. వెలుగు తక్కువైన రోజున పది నిమిషాల్లో నాలుగు కాకుండా రెండు నిమిషాలే నడవమని చెప్తే నాలుగు ఆంపియర్ అవర్లు మిగులుతాయి. మీరు పెంచమన్న ప్యానెల్ మిగులు కూడా అంతే కదా.

బాబాయి: ముసురు పట్టిన తేమ రోజుల్లోనే కాయకుళ్ళు పాకుతుంది. చూడాల్సిన రోజునే తక్కువ చూస్తానంటున్నావు.

అబ్బాయి: వర్షంలో తడిసిన నేల మీద తిరిగి చక్రాలు కూరుకుపోవడం కంటే, సగం వరుసలు చూసి తిరిగి రావడం మేలు. ఆ బురదలో మోటార్లకు 22 వాట్లు సరిపోవు. మీ లెక్కంతా ఆ అంకె మీదే నిలబడింది.

బాబాయి: అది నిజం, తడి నేలలో ఖర్చు ఎవరూ కొలవలేదు. మొదట ఆ కొలత తీసుకోవాలి. కానీ నీ తెలివి దేన్ని చూసి పనిచేస్తుంది? ఈ లిథియం బ్యాటరీ సగం ఉన్నప్పుడూ ముప్పాతిక ఉన్నప్పుడూ దాదాపు 13.2 వోల్టులే చూపిస్తుంది. వోల్టేజీని నమ్ముకుంటే అంతా బాగుందనుకుంటూ ఉండగానే బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్ ఠక్కున కోసేస్తుంది, రోబో వరుస మధ్యలో నిలిచిపోతుంది.

అబ్బాయి: వోల్టేజీ కాదు, లోపలికి వచ్చే కరెంటునూ బయటికి పోయేదాన్నీ కొలిచే INA226 చిప్పు పెట్టి, ప్రోగ్రాములో లెక్కగడతాను. బ్యాటరీ పూర్తిగా నిండిన ప్రతిసారీ లెక్కను మళ్లీ నూరు దగ్గర మొదలుపెడతాను.

బాబాయి: అలాగైతే ఒప్పుకుంటాను, మిగులున్న ప్యానెల్ ఉంటేనే. ఎప్పుడూ పూర్తిగా నిండని బ్యాటరీకి ఆ లెక్క రోజురోజుకూ పక్కకు జరిగిపోతుంది. ఇంకొకటి, మీరు వాడేది రాస్ప్‌బెర్రీ పై అయితే నాలుగు మోటార్లు ఒకేసారి మొదలైన వెంటనే ఈ కమాండు ఇచ్చి చూడండి.

```
vcgencmd get_throttled
```

`throttled=0x0` అని వస్తే మంచిదే. `0x50000` అని వస్తే, ఆన్ చేసినప్పటి నుంచి ఇప్పటిలోగా వోల్టేజీ ఒకసారైనా పడిపోయింది, దానివల్ల కంప్యూటరు వేగమూ తగ్గిందని అర్థం. బ్యాటరీ నిండుగా ఉన్నా అలా వస్తే తప్పు బ్యాటరీ సైజుది కాదు, సన్నటి తీగలదో 5 వోల్టుల కన్వర్టర్‌దో. ఇక సాయంత్రం ఆరు తర్వాత ఆ కంప్యూటరును ఏం చేస్తున్నారు?

అబ్బాయి: రేడియోలో పిలిస్తే పలకాలి కాబట్టి ఆన్‌లోనే ఉంచుతారనుకుంటా. ఐదు వాట్లే కదా.

బాబాయి: ఐదు వాట్లు రాత్రి పన్నెండు గంటలకు నాలుగున్నర ఆంపియర్ అవర్లు. 100 వాట్ల ప్యానెల్‌తో కష్టపడి తెచ్చుకున్న మిగులు మొత్తం అంతే. టైమర్ రిలే పెట్టి రాత్రి బ్యాటరీ నుంచి పూర్తిగా విడదీయాలి.

అబ్బాయి: రిలేకు ఒప్పుకున్నాను. 100 వాట్లకు ఇంకా ఒప్పుకోలేదు. తడి నేలలో మోటార్ల ఖర్చు కొలిచాక, నాలుగు కిలోలు మోసే భారం మీరనుకున్నదానికంటే ఎక్కువని తేలితే 80 దగ్గరే ఆగి, ముసురు రోజున నడక తగ్గిస్తాం.

బాబాయి: ఎక్కువని తేలితే రోబో సొంత బరువుకయ్యే ఖర్చు కూడా అంతే పెరుగుతుంది, అప్పుడు 80 ఇంకా చాలదు. ముందు కొలవండి.