తాళం వేసే గది ఎవరింట్లో ఉంది?

మా మరదలు మెడికల్ కోడింగ్ చేస్తుంది. అమెరికా ఆసుపత్రుల్లో రోగులకు జరిగిన చికిత్స వివరాలు చదివి, బీమా సంస్థలకు పంపే బిల్లుల కోసం జబ్బుకూ చికిత్సకూ తగిన కోడ్‌లు వేయడం ఆ పని. ఇకమీదట తిరుపతిలో ఇంటి నుంచే పని చేసుకోవచ్చని కంపెనీ ఒక పాలసీ పంపింది. ఇలాంటి పత్రాలు రాయడం, సరిదిద్దడం నా ఉద్యోగంలో భాగం కాబట్టి "బావా, సంతకం పెట్టే ముందు ఒకసారి చూడు" అని నాకు పంపింది. చదివినప్పటి నుంచి నాకు కోపం తగ్గలేదు.

అర్హత అన్న శీర్షిక కింద మొదటి వాక్యం ఇది: "ఉద్యోగి తన ఇంట్లో తాళం వేసుకోగల ప్రత్యేక గది, నిరంతర విద్యుత్తు, సురక్షితమైన ఇంటర్నెట్ సొంత ఖర్చుతో ఏర్పాటు చేసుకోవాలి." ఒక్క వాక్యంలో ఎవరు ఇంటి నుంచి పని చేయవచ్చు, సామాను ఎవరు కొనాలి, సమాచారం ఎలా కాపాడాలి అన్న మూడు సంగతులనూ తేల్చేశారు. మూడింటి భారమూ ఉద్యోగి మీదే పడింది.

ముందు గది సంగతి చూద్దాం. కొర్లగుంట వైపు రెండు గదుల పోర్షన్‌లో అత్తమామలతో, ఇద్దరు పిల్లలతో ఉండే మనిషికి తాళం వేసుకునే గది ఎక్కడి నుంచి వస్తుంది? అంటే పని ఎంత బాగా చేసినా, సొంతిల్లో పెద్ద అద్దె ఇల్లో ఉన్నవాళ్లకే ఈ వెసులుబాటు. ఎందుకు అని అడిగితే, అమెరికా చట్టం అలా చెబుతోంది అంటారు. ఆ చట్టం పేరు హిపా, 1996లో వచ్చింది. దాని కింద తెచ్చిన భద్రతా నియమాల్లో, రోగుల సమాచారం చూసే కంప్యూటర్ చుట్టూ పరిసరాలు ఎలా ఉండాలో సంస్థ రాసిపెట్టుకోవాలని ఉంది. సంబంధం లేనివారి చేతికి ఆ కంప్యూటర్ చిక్కకుండా ఏర్పాట్లు చేయాలని ఉంది. తాళం వేసే గది అన్న మాట మాత్రం లేదు. ఆ ఏర్పాట్లు ఎలా చేయాలన్నది సంస్థే ఆలోచించి రాయాలి. ఆలోచించే పని తప్పించుకోవడానికి గది అని రాసి పడేశారు.

నిజానికి కాపాడవలసింది ఏమిటి? రోగి పేరు, పుట్టిన తేదీ, జబ్బు వివరాలు పక్కవారి కంట పడకూడదు, చెవిన పడకూడదు. దానికి పాలసీలో ఇలా రాయవచ్చు: "గోడ వైపు వీపు పెట్టి కూర్చున్న ఉద్యోగికి మాత్రమే తెర కనిపించాలి, తలుపు నుంచి, కిటికీ నుంచి కనిపించకూడదు. కాల్స్ అన్నీ హెడ్‌ఫోన్‌లోనే. కుర్చీలోంచి లేస్తే తెర లాక్ చేయాలి, మరిచిపోతే 5 నిమిషాల్లో దానంతట అదే లాక్ అవుతుంది. రోగుల వివరాలు కాగితం మీద రాయకూడదు, ప్రింట్ తీయకూడదు, తెరను ఫోనుతో ఫొటో తీయకూడదు." ఇవన్నీ పడకగదిలో మూలన వేసిన చిన్న బల్ల దగ్గర కూడా సాధ్యమే. పాటిస్తున్నారో లేదో తేల్చడమూ తేలికే. గది ఉండి తలుపు తీసి పెట్టుకుంటే తాళం ఎవరిని కాపాడుతుంది?

నిరంతర విద్యుత్తు అన్న మాట మీద ఎక్కువ రాయను. వేసవిలో కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద కొంతసేపు నడుస్తుంది. ఆగిపోయేది ఫైబర్ డబ్బా, వైఫై రౌటర్. చాలా ఇళ్లలో అవి 12 వోల్టుల అడాప్టర్ మీద నడిచే చిన్న పెట్టెలు. అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులూ ఆంపియర్లూ చూసి, దానికి సరిపడే చిన్న యూపీఎస్ పెడితే మామూలు కోతకు పని ఆగదు. అంత చిన్న సామాను ల్యాప్‌టాప్‌తో పాటు కంపెనీయే ఇవ్వాలి. ఇవ్వకుండా నిరంతర విద్యుత్తు అని రాస్తే, ఉద్యోగి ఇన్వర్టర్ కొనుక్కోవాలనే అర్థం.

నన్ను ఎక్కువ మండించింది మాత్రం నాలుగో పేజీ. "కంపెనీ పరికరం పోయినా, దెబ్బతిన్నా వెంటనే తెలియజేయాలి. పూర్తి విలువ జీతం నుంచి రాబట్టబడుతుంది." ఈ రెండు వాక్యాలు పక్కపక్కన ఉంటే మనిషి ఏం చేస్తాడో నేను కళ్లారా చూశాను.

ఇంతకుముందు నేను పనిచేసిన ఒక సంస్థలో ఇలాంటి వాక్యాలే ఉండేవి. ఒక కుర్రాడు తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే సాయంత్రం బస్సులో ల్యాప్‌టాప్ సంచి మరిచిపోయాడు. ఇంటికి వెళ్లాక, రాత్రి భోజనం వేళకు గమనించాడు. వెంటనే ఫోన్ చేయలేదు. బస్టాండుకు పరుగెత్తాడు, డిపోలో అడిగాడు, ఆ కండక్టరు నంబరు సంపాదించాడు, దొరికితే ఎవరికీ చెప్పనక్కరలేదని తెల్లవార్లూ వెతికాడు. మర్నాడు మధ్యాహ్నం టీం లీడర్‌కు చెప్పాడు. అతన్ని తప్పు పట్టను. జీతం కన్నా ఎక్కువ ధర ఉన్న వస్తువు పోయింది. చెప్పిన క్షణం నుంచి ఆ అప్పు తన నెత్తిన పడుతుందని పాలసీయే చెప్పింది. దాచమని నేర్పింది ఆ వాక్యమే.

ఆ రాత్రంతా ఏం జరగవచ్చో చూడండి. ల్యాప్‌టాప్ మూత మూసి సంచిలో పెడితే అది నిద్రలోకి వెళుతుంది తప్ప ఆగిపోదు. మెయిల్, క్లౌడ్ ఖాతాల లాగిన్‌లు అలాగే తెరిచి ఉంటాయి. అతను ఫోన్ చేసి ఉంటే ఐటీ వాళ్లు తమ వైపు నుంచి అతని ఖాతాను ఆపేసి, తెరిచి ఉన్న లాగిన్‌లన్నీ రద్దు చేసేవారు. అది నిమిషాల పని, ల్యాప్‌టాప్ ఎక్కడున్నా ఫరవా లేదు. దూరం నుంచి డిస్కు చెరిపేసే ఆదేశం పంపేవారు, కానీ అది ల్యాప్‌టాప్ ఎప్పుడో ఒకప్పుడు ఇంటర్నెట్‌కు తగిలితేనే పనిచేస్తుంది. కాబట్టి దూరం నుంచి చెరిపేస్తాం అన్న ధీమా చాలదు. ముందే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి. అంటే తాళంచెవి లేనివారికి అందులోని సమాచారం పనికిరాని అక్షరాల కుప్పలా కనిపించాలి.

ఇక్కడ ఒక చిక్కు చాలామందికి తెలియదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ వేశాం, ఇక భయం లేదు అనుకుంటారు. ఐటీ వాళ్లు అడ్మిన్ హక్కులతో ఈ ఆదేశం కొట్టి చూడాలి:

```
manage-bde -status C:
```

అందులో `Conversion Status` దగ్గర `Fully Encrypted` అని ఉన్నా, కింద `Protection Status` దగ్గర `Protection Off` అని ఉండవచ్చు. బయోస్ అప్‌డేట్ లాంటి పనుల కోసం రక్షణను తాత్కాలికంగా ఆపి, మళ్లీ వేయడం మరిచిపోతే అలా కనిపిస్తుంది. అప్పుడు డిస్కు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది, కానీ దాని తాళంచెవి అదే డిస్కులో బాహాటంగా ఉంటుంది. పరికరం ఇచ్చే రోజు ఒకసారి చూసి ఊరుకోకుండా, ఈ స్థితి కంపెనీ సర్వర్‌లో ఎప్పటికప్పుడు నమోదవుతూ ఉండాలి. ఎందుకంటే హిపా కింద, పోయిన పరికరంలోని సమాచారం సరైన పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయి, తాళంచెవి భద్రంగా ఉంటే, మీ సమాచారం బయటికి పోయిందని రోగులకు నోటీసులు పంపే పని తప్పుతుంది. అయితే పోయే నాటికి రక్షణ పనిచేస్తోందని చూపించే ఆధారం ఉండాలి. ఆ ఆధారం ఉద్యోగి దగ్గర ఉండదు. ఈ బాధ్యత కంపెనీదని నాకు వచ్చిన పాలసీలో ఒక్క ముక్క లేదు.

మన దేశంలో దీనికి గడువు కూడా ఉంది. సైబర్ భద్రతా ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సమాచారం బయటికి పోవడం, ఇతరులు వ్యవస్థలోకి చొరబడటం వంటి ఘటనలను కంపెనీ తన దృష్టికి వచ్చిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలపాలి. ఉద్యోగి భయంతో రాత్రంతా మౌనంగా ఉంటే కంపెనీ దృష్టికి వచ్చేదే మర్నాడు.

ఇక జీతం నుంచి రాబట్టడం. ఉద్యోగికి అప్పగించిన వస్తువు పోతే కోత వేయవచ్చు, నిజమే. కానీ అతని నిర్లక్ష్యం వల్లే నేరుగా ఆ నష్టం జరిగి ఉండాలి, నష్టానికి మించి కోయకూడదు, కోసే ముందు అతని వాదన వినాలి. 1936 నాటి వేతన చెల్లింపుల చట్టంలో ఉన్న ఈ సూత్రమే ఇప్పటి 2019 వేతనాల స్మృతిలోనూ ఉంది. దొంగ ఇంటి కిటికీ ఊచలు వంచి ల్యాప్‌టాప్ ఎత్తుకుపోతే అందులో ఉద్యోగి నిర్లక్ష్యం ఏముంది? విచారణ మాటే లేకుండా పూర్తి విలువ అని రాయడం చట్టానికి నిలవదు. నిలవకపోయినా, చదివినవాడిని భయపెట్టడానికి సరిపోతుంది.

నేను సూచించిన మాటలు ఇవి: "పరికరం కనిపించడం లేదని గమనించిన గంటలోగా ఈ నంబరుకు ఫోన్ చేయాలి. రాత్రి పగలు ఎవరో ఒకరు ఎత్తుతారు. వెతకడం ఫోన్ చేశాక. గంటలోగా చెప్పిన ఉద్యోగి నుంచి పరికరం విలువ రాబట్టము. మిగతా సందర్భాల్లో వివరణ విన్నాకే నిర్ణయం." వెంటనే అన్న మాటకు ఒక గంట అని హద్దు, తెలియజేయాలి అన్నదానికి ఒక నంబరు. ల్యాప్‌టాప్ ధర కంపెనీకి బీమాలో తిరిగి రావచ్చు. పోగొట్టుకున్న రాత్రి మాత్రం రాదు.

పని వేళల దగ్గరా ఇదే నిర్లక్ష్యం. "క్లయింటు వ్యాపార వేళలు, ఉదయం 9 నుంచి సాయంత్రం 6, తూర్పు అమెరికా సమయం" అని రాశారు. వేసవిలో అది మనకు సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజామున 3:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం వరకు రాత్రి 7:30 నుంచి 4:30. ఇంట్లో పిల్లలున్న మనిషికి ఈ గంట తేడా చిన్నది కాదు, ముందే రాసి ఉండాలి. జనవరి 14న సంక్రాంతి సెలవు అనుకుందాం. 13 రాత్రి మొదలైన షిఫ్టు పండుగ తెల్లవారుజామున 4:30కి ముగుస్తుంది. సెలవు ఆ షిఫ్టుకా, 14 రాత్రి షిఫ్టుకా? పాలసీలో లేదు. మొదటిది పనిచేయాల్సిందే అంటే, వాకిట్లో ముగ్గు వేసే వేళకు మనిషి నిద్రకు వెళ్తుంది. "సెలవుకు ముందు రాత్రి మొదలయ్యే షిఫ్టు రద్దు" అని ఒక్క ముక్క రాస్తే తగవే ఉండదు.

సురక్షిత ఇంటర్నెట్ అంటే ఏమిటో కూడా చెప్పలేదు. మన ఊళ్లో కేబుల్ అబ్బాయి వచ్చి వైఫై పెట్టి, ఇంటాయన ఫోన్ నంబరే పాస్‌వర్డ్‌గా ఇచ్చి వెళ్తాడు. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఫ్యాక్టరీలో పెట్టిందే ఉండిపోతుంది. ఆ రెండూ మార్చాలి, పని అంతా కంపెనీ వీపీఎన్ గుండానే సాగాలి అని రెండు వాక్యాలు రాస్తే సరిపోయేది.

మరదలు నా సవరణలు హెచ్‌ఆర్‌కు పంపింది. గది విషయంలో క్లయింటు ఒప్పందమే అలా ఉందని జవాబు వచ్చింది. నిజంగా ఉంటే ఆ షరతు చూపించమని మళ్లీ రాయించాను. క్లయింటుతో ఒప్పుకున్నది కంపెనీ కాబట్టి, గది లేని వారికి ఊళ్లోనే తాళం ఉన్న చోట సీటు అద్దెకు తీసుకోవాల్సిందీ, ఆ అద్దె కట్టాల్సిందీ కంపెనీయే. ఆ మాట పాలసీలోకి ఎక్కే దాకా సంతకం పెట్టవద్దని చెప్పాను.