చదువు వరుస డిజైనర్ పని కాదు, సంపాదకుల పని

గత ఉగాది సంచిక వెలువడిన వారానికి మన సంఘంలోని ఒక పెద్దాయన ఫోన్ చేశారు. ఆయన చూపు మందగించి చాలా కాలమైంది; పత్రికను ఎన్వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో వింటారు. "బాబూ, వసంతం గురించిన వ్యాసం 'సంతం' అని మొదలైంది. సగంలో ఇళ్ల అమ్మకం ప్రకటన వచ్చింది. ఆ తరువాత ఎక్కడి నుంచో 'వ' అని ఒక్క అక్షరం పలికింది" అన్నారు. నేను ఆ పుట తెరిచి చూస్తే ముచ్చటగా ఉంది. తప్పంతా కంటికి కనబడని చోట ఉంది.

స్క్రీన్ రీడర్ పుటను చూడదు, పీడీఎఫ్ లోపల ఏది శీర్షిక, ఏది పేరా, ఏది బొమ్మ అని గుర్తు పెట్టే ట్యాగుల చెట్టును పై నుంచి కిందికి చదువుతుంది. ఆ చదివే క్రమమే చదువు వరుస. ఆ పుటలో రెండు కాలమ్‌ల వ్యాసం, ఒక నృత్యం ఫోటో, అడుగున ప్రకటన ఉన్నాయి. మొదటి అక్షరం పెద్దదిగా కనబడాలని డిజైనర్ 'వ'ను విడి పెట్టెలో పెట్టారు. వ్యాసం రెండు కాలమ్‌లనూ ఒకదానితో ఒకటి కలపకుండా వేర్వేరు పెట్టెలుగా వేశారు. ఏది ముందో మనం చెప్పలేదు కనుక పుటలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ తనకు తోచిన వరుస వేసింది.

దిద్దుబాటు కష్టమేమీ కాదు. కాలమ్‌లను కలిపితే అవి ఒకే పాఠమవుతాయి. పెద్ద అక్షరానికి విడి పెట్టె మానేసి పేరా శైలిలోని డ్రాప్ క్యాప్ వాడితే 'వ' ఎక్కడికో పోకుండా 'సంతం' ముందే ఉంటుంది. ఫోటోను సంబంధిత పేరా చివర లంగరు వేస్తే పాఠంతో పాటే నడుస్తుంది. ఆ తరువాత `Window > Articles` ప్యానెల్‌లోకి శీర్షిక, వ్యాసం, ప్రకటన అనే క్రమంలో పెట్టెలను లాగి, ఆ ప్యానెల్ మెనూలో `Use for Reading Order in Tagged PDF` ఎంచుకోవాలి. ఎగుమతి చేసేటప్పుడు `Create Tagged PDF` టిక్కు లేకపోతే ఈ శ్రమంతా వృథా.

ఆ సంచికను మేము మొదట పీడీఎఫ్‌లను దిద్దే అక్రోబాట్‌లో, తయారైన పీడీఎఫ్‌లోనే దిద్దాము. మరునాడు ఒక ప్రకటనదారు ఫోన్ నంబరు మార్చమన్నారు. ఇన్‌డిజైన్ నుంచి మళ్లీ ఎగుమతి చేయగానే దిద్దినదంతా పోయింది. అందుకే వరుసను మూల ఫైలులోనే పెట్టాలని నా పట్టుదల. ఆ వరుసను నిర్ణయించవలసింది కూడా వ్యాసం చదివిన సంపాదకులే. తెలుగు రాని డిజైనర్‌కు ఏ పేరా ఏ ఫోటో గురించి చెబుతోందో ఎలా తెలుస్తుంది?

ఫోటోకు ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మకు బదులు స్క్రీన్ రీడర్ పలికే వర్ణన, రాయడమూ అంతే. `Object > Object Export Options` లో దానికి చోటుంది. మొన్నటి ఫోటోకు "నృత్యం ఫోటో" అని రాసి ఉంది, దానివల్ల వినేవారికి కొత్తగా తెలిసేదేమీ లేదు. "ఇత్తడి పళ్లెం అంచుపై నిలబడి తరంగం ఆడుతున్న అమ్మాయి; వెనుక వరుసలో నట్టువాంగం, మృదంగం" అంటే చిత్రం చేతికందుతుంది. కింద ముద్రించిన వ్యాఖ్యలో ఉన్న పేర్లను మళ్లీ ఇందులో రాయనక్కరలేదు, రెండుసార్లు వినబడతాయి. అంచున ఉన్న ముగ్గులను అలంకారంగా, అంటే `Artifact` గా గుర్తిస్తే స్క్రీన్ రీడర్ వాటిని దాటిపోతుంది. ప్రకటన మాత్రం బొమ్మగా వచ్చినప్పుడు అందులోని చిరునామా, ఫోన్ నంబరుతో సహా ఆల్ట్ టెక్స్ట్‌లోకి చేరాలి. డబ్బిచ్చిన ప్రకటనదారుకు ఆ మాత్రం బాకీ ఉన్నాము.

ఇవన్నీ చేసినా పాఠం యూనికోడ్‌లో లేకపోతే ఫలితం శూన్యం. పాత ఫాంట్లలో టైపు చేసినది తెరపై తెలుగులా కనబడుతుంది గానీ లోపల ఉన్నవి వేరే గుర్తులు. అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే వట్టి గీతల బొమ్మలుగా మార్చినప్పుడు, ప్రెస్సులో ఫాంటు చెడకుండా మనవాళ్లు చేసే పనే అది, లోపల పాఠమే మిగలదు. పరీక్ష సులువు: పీడీఎఫ్‌లో ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. ఒత్తులతో సహా అదే తెలుగు రావాలి. పత్రం భాషను `te` గా పెట్టడమూ మరవకూడదు. అది ఇంగ్లీషుగా ఉండిపోతే స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతోనే తెలుగును పలకబోతుంది.

అక్రోబాట్‌లోని పూర్తి తనిఖీ మీద మరీ భరోసా వద్దు. ఆల్ట్ టెక్స్ట్ ఉందా లేదా అని చూస్తుంది గానీ "నృత్యం ఫోటో" సరిపోదని చెప్పలేదు. చదువు వరుసనైతే మనిషే చూసుకోవాలని తానే వదిలేస్తుంది.

దీపావళి సంచికకు నా ప్రతిపాదన ఇది. ప్రతి రచయితా ఫోటోతో పాటు ఆల్ట్ టెక్స్ట్‌ను వ్యాసం ఫైలులోనే పంపాలి. నమూనా పుటల మీద సంపాదకులు ప్రతి పెట్టె పక్కన 1, 2, 3 అని ఎర్ర సిరాతో వరుస వేసి డిజైనర్‌కు ఇవ్వాలి. ఆఖరి ఎగుమతి తరువాత తెర ఆర్పేసి ఒకరు సంచికను మొదటి నుంచి వినాలి. ఆ మొదటి శ్రోతగా ఉండటానికి పెద్దాయన ఒప్పుకున్నారు.