మూత తీసేముందు కాదు, మూత పెట్టాక

"18 నిమిషాల బిర్యానీ వీడియో పెట్టాను. మధ్యలో ప్రకటన రాగానే చాలామంది వెళ్లిపోతున్నారు. ఎక్కడ పెట్టాలి?"

టోలీచౌకిలో మా బావగారి వంట ఛానెల్‌కు ఎడిటింగ్ నేనే చేస్తాను. ఈ దెబ్బ మేమూ తిన్నాం. ఉత్కంఠతో ఆగుతారు కదా అని దమ్ము మూత తీయబోయే క్షణంలో ప్రకటన పెట్టాం. ఆవిరి చూద్దామని కూర్చున్నవారికి సబ్బు ప్రకటన చూపిస్తే కోపం రాదా? యూట్యూబ్ స్టూడియోలో ఏ క్షణానికి ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే రిటెన్షన్ గీత సరిగ్గా అక్కడే నిట్టనిలువునా పడింది.

ఆ ప్రకటన విరామాన్ని వెనక్కి, గిన్నె అంచుకు పిండి చుట్టి మూత బిగించిన చోటికి జరిపాం. అక్కడ ఒక పని పూర్తయింది, మిర్చీ సాలన్ ఇంకా మొదలు కాలేదు. వీడియోను మళ్లీ ఎక్కించనక్కర్లేదు, స్టూడియోలోనే జరపవచ్చు. గీత అక్కడా కొద్దిగా వంగింది గానీ కూలిపోలేదు.

ఇప్పుడు షూటింగ్‌లోనే జాగ్రత్త పడుతున్నాం. మూత బిగించాక బావగారు రెండు క్షణాలు మాట్లాడరు, మంట చప్పుడు మాత్రమే ఉంటుంది. విరామం గుర్తు ఆ నిశ్శబ్దంలో పెడతాను. యూట్యూబ్ ఆటోమేటిక్‌గా పెట్టిన గుర్తులనూ ఒకసారి విని చూడండి. మాట మధ్యలో పడితే, ప్రకటన అయ్యాక చూసేవారికి సగం వాక్యమే వినిపిస్తుంది.

అన్నట్టు, "చిన్న విరామం తర్వాత కలుద్దాం" అనకండి. గుర్తు పెట్టినంత మాత్రాన ప్రతి ఒక్కరికీ ప్రకటన రాదు. రానివారికి ఆ మాట వింతగా ఉంటుంది.