కెనడా ఫారంలో ‘నో’ కొట్టే ముందు

అమెరికా వీసా రిజెక్ట్ అయిన మన పిల్లల్లో చాలామంది కొద్ది నెలలకే కెనడా వైపు చూస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ కెనడా స్టడీ పర్మిట్ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. కెనడా అయినా, మరే దేశమైనా మీకు ఎప్పుడైనా వీసా లేదా పర్మిట్ నిరాకరించిందా, లోపలికి రానివ్వలేదా, దేశం వదిలి వెళ్లమని చెప్పిందా అని అడుగుతారు. పక్కనే యెస్, నో. యెస్ అంటే వివరాలు రాయాలి. సరిగ్గా అక్కడే కన్సల్టెన్సీలో కూర్చున్న మనిషి, ‘అది రాస్తే డౌట్ పడతారు, వదిలేద్దాం. పాస్‌పోర్టులో స్టాంపేమీ లేదు కదా’ అంటాడు. ఆ ఒక్క మాటకు అబ్బాయి జీవితంలో ఐదేళ్లు పోవచ్చు.

ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. గుంటూరు అబ్బాయి ఒకడు 2023 ఆగస్టులో హైదరాబాద్ కాన్సులేట్‌లో అమెరికా స్టూడెంట్ వీసా ఎఫ్-1 ఇంటర్వ్యూకి వెళ్లాడనుకోండి. రెండు మూడు ప్రశ్నలు అడిగి, అమెరికా ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 214(బి) కింద నిరాకరిస్తున్నామని కాగితం ఇచ్చి పంపేశారు. 2024 మార్చిలో కెనడాకు అప్లై చేశాడు. ఫారం కన్సల్టెన్సీ నింపింది. ఆ ప్రశ్న దగ్గర ‘నో’ పడింది. వీసా సెంటర్‌లో వేలిముద్రలు ఇచ్చి వచ్చాడు. కొన్ని వారాలకు వీసా రాలేదు, ఒక లేఖ వచ్చింది: మీరు అన్ని ప్రశ్నలకూ నిజం చెప్పలేదని మాకు అనుమానంగా ఉంది, గడువులోగా వివరణ ఇవ్వండి అని. దీన్ని ప్రొసీజరల్ ఫెయిర్‌నెస్ లెటర్ అంటారు.

వాళ్లకు ఎలా తెలిసింది? వీసా, ఇమిగ్రేషన్ సమాచారం పంచుకునేందుకు కెనడా, అమెరికా 2012లో ఒప్పందం చేసుకున్నాయి. కెనడాకు అప్లై చేసే భారతీయుల వేలిముద్రలు తీసుకోవడం 2018 చివర మొదలైంది. అమెరికా ఇంటర్వ్యూ కోసం ఇచ్చిన వేలిముద్రలు అమెరికా దగ్గర ముందే ఉన్నాయి. స్టాంపుతో పనేముంది? పాస్‌పోర్టు మార్చినా వేళ్లు మారవు.

అబ్బాయి భయపడి, ‘కన్సల్టెన్సీ వాళ్లు పొరపాటు చేశారు, నాకు తెలియదు’ అని జవాబు రాశాడు. చాలామంది రాసేది ఇదే. ఇది దాదాపుగా పనిచేయదు. కెనడా ఇమిగ్రేషన్ చట్టంలో సెక్షన్ 40(1)(ఎ) నేరుగా గానీ, వేరొకరి ద్వారా గానీ ముఖ్యమైన విషయం తప్పుగా చెప్పినా, దాచినా వర్తిస్తుంది. నిజాయితీగా జరిగిన పొరపాటుకు మినహాయింపు ఉంది కానీ, దాని పరిధి చాలా చిన్నది. దాచానన్న సంగతే నాకు తెలియదు, తెలుసుకునే వీలూ లేదు అని చూపించగలగాలి. కాన్సులేట్ కౌంటర్ ముందు స్వయంగా నిలబడి ‘నో’ అనిపించుకున్న వాడు ఆ మాట ఎలా అనగలడు? ఫలితం, ఐదేళ్లు కెనడాలోకి ప్రవేశం లేదు. ఆ ఐదేళ్లూ శాశ్వత నివాసానికి, అంటే పీఆర్‌కు అప్లై చేసే వీలు కూడా లేదు. 2014కు ముందు ఇది రెండేళ్లే ఉండేది.

ఇక్కడ నన్ను బాధపెట్టేది ఒకటుంది. అసలు ఆ అమెరికా రిజెక్షన్ అంత పెద్ద విషయం కాదు. స్టూడెంట్ వీసాకు వచ్చిన ప్రతి ఒక్కరూ అక్కడే స్థిరపడాలనుకుంటున్నారని అమెరికా చట్టం ముందే అనుకుంటుంది, కాదని నిరూపించుకునే బాధ్యత మన మీద పెడుతుంది. ఆ అధికారిని మనం ఒప్పించలేకపోయామన్నదే 214(బి) అర్థం. దానికి నిషేధం లేదు, మళ్లీ ఫీజు కట్టి అప్లై చేసుకోవచ్చు. కెనడా అధికారి కూడా ఆ ఒక్క కారణంతో పక్కన పెట్టేయాలని రూలేమీ లేదు. ఆయన చూసేది ఫండ్స్, కోర్సు, చదువు అయ్యాక వెనక్కి వస్తాడా లేదా. యెస్ అని రాసి ఉంటే వీసా రావచ్చు, రాకపోవచ్చు. రాకపోయినా వచ్చే ఇన్‌టేక్‌కు ప్రయత్నించే వాడు.

‘రాసినా వచ్చేదే కదా, మరి దాచడం అంత ముఖ్యమెలా అయింది?’ అని అడుగుతారు. చట్టం చూసేది ఆ దాపరికం వల్ల అధికారి పొరబడే అవకాశం ఉందా అన్నది. నిజంగా పొరబడ్డాడా లేదా అన్నది కాదు. యెస్ అని ఉంటే ఆయన మరో రెండు ప్రశ్నలు వేసేవాడు. ఆ ప్రశ్నలు పడకుండా చేయడమే తప్పవుతుంది.

మరో చిక్కు 221(జి). ఇంకా పత్రాలు కావాలనో, పరిశీలన మిగిలి ఉందనో ఇచ్చే స్లిప్ అది. మనవాళ్లు దాన్ని ‘పెండింగ్’ అనుకుంటారు. కానీ అమెరికా లెక్కలో అదీ నిరాకరణే, ఆన్‌లైన్ స్టేటస్‌లో కూడా ‘Refused’ అనే చూపిస్తుంది. తర్వాత వీసా వచ్చినా సరే, దాన్ని చెప్పి, వీసా ఫలానా తేదీన వచ్చిందని పక్కన రాయడమే క్షేమం.

పోలీసు కేసుల విషయంలో ప్రశ్నను అక్షరం అక్షరం చదవాలి. అమెరికా వీసా ఫారం డీఎస్-160 అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతుంది, క్షమాభిక్ష దొరికినా చెప్పమంటుంది. కెనడా ఇంకా ముందుకెళ్లి, నేరం చేశారా, అరెస్టయ్యారా, అభియోగం మోపారా, శిక్ష పడిందా అని నాలుగూ అడుగుతుంది. 498ఎ కేసు ఉన్న ఒక భర్తను తీసుకోండి. పోలీసులు నోటీసు ఇచ్చి పిలిచి మాట్లాడారు, అరెస్టు చేయలేదు, తర్వాత చార్జిషీటు వేశారు. అమెరికా అడిగిన అరెస్టు ప్రశ్నకు ఆయన జవాబు నో అవ్వచ్చు. కెనడాకు మాత్రం యెస్ అనే రాయాలి. రాజీ కుదిరి హైకోర్టు కేసు కొట్టేసినా, అడిగింది ‘ఎప్పుడైనా’ అని కాబట్టి జవాబు మారదు. కొట్టేసిన ఆర్డర్ కాపీ జత చేయాలి, అంతే.

ఇంకొకటి మనవాళ్లు అసలు గుర్తుపెట్టుకోరు. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికి, కోర్టుకెళ్లి తప్పు ఒప్పుకుని, జరిమానా కట్టి రావడం. ‘ఫైన్ కట్టేశాం, అయిపోయింది’ అనుకుంటారు. అది ట్రాఫిక్ చలాన్ లాంటిది కాదు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద కోర్టు వేసిన శిక్ష. కెనడా 2018 డిసెంబరులో మద్యం తాగి నడపడానికి గరిష్ఠ శిక్షను పదేళ్లకు పెంచి, దాన్ని తీవ్ర నేరాల వరుసలో చేర్చింది. అందుకే దీన్ని దాచడం మరింత ప్రమాదం, చెప్పడానికి కూడా ముందు లాయర్ సలహా కావాలి.

వేరే దేశాల్లో లెక్కలు వేరు. మోసం చేశారని తేల్చితే బ్రిటన్‌లో పదేళ్లు వీసా రాకపోవచ్చు. అమెరికాలో తెలిసి ముఖ్యమైన అబద్ధం చెబితే శాశ్వతంగా అనర్హులవుతారు, మినహాయింపు కోసం విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.

మరి యెస్ కొట్టాక ఏం రాయాలి? నాలుగు వాక్యాలు చాలు. ‘2023 ఆగస్టులో హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో ఎఫ్-1 వీసాకు దరఖాస్తు చేశాను. సెక్షన్ 214(బి) కింద నిరాకరించారు. మరే కారణమూ చెప్పలేదు. తర్వాత మరే దేశానికీ దరఖాస్తు చేయలేదు.’ ఇందులో సంజాయిషీ లేదు, ఆ అధికారి మీద ఫిర్యాదూ లేదు. తేదీ గుర్తులేకపోతే నెల రాసి, సుమారుగా అని చెప్పాలి.

ఫారం ఇప్పటికే తప్పుగా వెళ్లిపోయి ఉంటే, లేఖ వచ్చేదాకా ఆగొద్దు. నిర్ణయం రాకముందే కెనడా ఇమిగ్రేషన్ వెబ్‌ఫారం ద్వారా అప్లికేషన్ నంబరు వేసి, ఫలానా ప్రశ్నకు జవాబు తప్పు, సరైనది ఇది అని పంపాలి. ఇది గ్యారంటీ కాదు, కానీ పట్టుబడ్డాక చెప్పిన మాటకు లేని విలువ దీనికి ఉంటుంది. కన్సల్టెన్సీకి డబ్బు కట్టే ముందు తల్లిదండ్రులు రెండు అడగాలి: అకౌంట్ మా అబ్బాయి ఈమెయిల్ మీదే ఉంటుందా, సబ్మిట్ చేసే ముందు నింపిన ఫారం పీడీఎఫ్ మాకు ఇస్తారా. ఇవ్వనంటే అక్కడి నుంచి లేచి రావాలి.