చీరాల పిల్ల అడిగిన నాలుగు పేజీలు

చీరాలలో తొమ్మిదో తరగతి విద్యార్థిని ఒకరు వక్తృత్వ పోటీలో చేసిన ప్రసంగం వారం రోజులుగా ఫోన్లలో తిరుగుతోంది. మా ఊరు పన్ను కట్టనని పంతం పట్టి ఇళ్లకు తాళాలేసి వెళ్లిపోయింది, ఆ సంగతి మాకు పాఠంగా ఎందుకు లేదు అని ఆ అమ్మాయి అడిగింది. హాలంతా చప్పట్లు కొట్టింది. తర్వాత వేదిక మీదున్న పెద్దమనిషి ఒకరు మైకు అందుకుని, బాగానే మాట్లాడావు గానీ పరీక్షలో రానిదాని మీద ఇంత శ్రమ ఎందుకన్నారు, ఒక ఊరికి ఇస్తే అన్ని ఊళ్లూ అడుగుతాయని కూడా అన్నారు. హాలు దానికీ చప్పట్లు కొట్టింది. మాకు ఒళ్లు మండింది ఈ రెండోసారి చప్పట్లకే.

చీరాల పేరాల సంగతి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పాల్సింది కాదు. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం పన్ను నిరాకరించారు. 1921లో ఊరు వదిలి, మునిసిపల్ హద్దు అవతల రామనగర్ పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలలు గడిపారు. మనలో చాలామందికి తెలిసింది ఇక్కడితో ఆగిపోతుంది. ఆ అమ్మాయి ఇక్కడ ఆగలేదు, అందుకే ఆ ప్రసంగం గురించి ఇంత రాస్తున్నాం.

ఆమె లెక్కతో మొదలుపెట్టింది. మునిసిపాలిటీకి ముందు అక్కడ ఊరి పనులు చూసే యూనియన్ అనే చిన్న స్థానిక సంస్థ ఉండేది. దానికి జనం ఏటా కట్టింది దాదాపు 4,000 రూపాయలు. మునిసిపాలిటీ వచ్చాక ఆ భారం 40,000కు చేరింది. ఊళ్లో ఉన్నది సుమారు 15,000 మంది, వాళ్లలో మగ్గం మీద బతికేవాళ్లే ఎక్కువ. భాగించి చూస్తే తలకు నాలుగణాలు ఉన్నది రెండు రూపాయల పదణాలు దాటింది. అయిదుగురున్న నేతగాని ఇంటికి ఏడాదికి రూపాయి అయిదణాల చిల్లర కాస్తా పదమూడు రూపాయల పైమాటయింది. ఇంటింటికీ ఇదే లెక్క పడిందని కాదు, ఇది సగటు మాత్రమేనని ఆమే చెప్పింది. ఆ జాగ్రత్త చాలామంది పెద్ద వక్తలకు ఉండదు. దేశభక్తి గురించి ఉపన్యాసం వినడానికి వచ్చినవాళ్లకు ఆ పిల్ల ఇంటి పన్ను రసీదు చూపించింది.

అసలు కీలకం తర్వాత వచ్చింది. పన్ను వేసింది తెల్లదొరలే అనుకుంటే సగం కథే తెలిసినట్టు అని ఆమె అంది. నిజమే. 1919 చట్టం తెచ్చిన ద్వంద్వ పాలనలో స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రులకు బదిలీ అయింది. 1920 చివర మద్రాసులో జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఏర్పడినప్పుడు ఆ శాఖ దక్కింది తెలుగువాడైన పానగల్లు రాజా రామరాయణింగారికి. మునిసిపాలిటీ వస్తే దీపాలు, రోడ్లు, పారిశుద్ధ్యం వస్తాయి, ప్రజలే తమ ఊరు ఏలుకుంటారు అన్నది ప్రభుత్వ వాదన. ఆ ఏలుబడి మా తాహతుకు మించింది, మమ్మల్ని అడగకుండా మా నెత్తిన పెట్టారు అన్నది ఊరి వాదన. మన ఊరి పాలన ఖర్చు ఎవరు భరించాలి, ఎవరిని అడిగి నిర్ణయించాలి అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. ఆ ప్రశ్న ఇప్పటికీ తీరలేదు. 2021లో ఆస్తి పన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువ మీదికి మార్చినప్పుడు ఈ రాష్ట్రంలో పట్టణాలన్నీ గొడవపడింది దీని గురించే. పౌరశాస్త్రం పుస్తకంలో మునిసిపాలిటీ విధులను వరసపెట్టి బట్టీ వేయిస్తున్నాం. ఆ విధులకు డబ్బు ఎక్కడిదని ఒక ఊరు ఊరంతా నిలదీసిన ఉదంతాన్ని మాత్రం పరీక్షలో రాదని పక్కన పెడుతున్నాం.

పరీక్షలో రాదు! ఈ మాట వేదిక మీద నుంచి, పిల్లలు కూర్చున్న హాల్లో వచ్చింది గనకే మేము వదలడం లేదు. పరీక్షలో రానిది చరిత్ర కాదని ఒక పిల్లకు చెప్పడమంటే మిగతా రెండొందల మందికీ చెప్పినట్టే. రేపు పాలకొండలోనో పలమనేరులోనో మరో పిల్ల తన ఊరి గురించి అడగబోయి ఆగిపోతుంది.

సిలబస్ ఇప్పటికే బరువుగా ఉందని, రాష్ట్రమంతటా ఒకే ప్రశ్నపత్రం ఉన్నప్పుడు ఊరికో పాఠం పెడితే మూల్యాంకనం ఎలాగని ఉపాధ్యాయులు కొందరు అంటున్నారు. ఇబ్బంది నిజమైనదే. దానికి దారి కూడా ఉంది, కింద చెబుతాం.

అన్ని ఊళ్లూ అడుగుతాయట. అడగనివ్వండి. అడిగితే ఏమవుతుందో ఆ రోజుల గుంటూరు జిల్లాలోనే చూడొచ్చు. చీరాల జనం రామనగర్ పాకల్లో ఉన్న కాలంలోనే పల్నాడులో అడవిలో పశువుల మేతకు పుల్లరి కట్టబోమని రైతులు ఎదురుతిరిగారు. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలయ్యాడు. ఆ శీతాకాలంలోనే పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి వెంట రైతులు భూమిశిస్తు ఆపారు. ఒకే జిల్లాలో ఏడాది తిరగకుండా మూడు చోట్ల, మూడు రకాల పన్నుల మీద పోరాటం జరిగింది. పట్నంలో నేతగాళ్లు, అడవి అంచున పశువులకాపరులు, పొలాల్లో రైతులు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చెబితే సహాయ నిరాకరణ అంటే ఏమిటో పిల్లలకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో ఆ ఉద్యమం గురించిన అధ్యాయంలో అవధ్ రైతులున్నారు, అస్సాం తేయాకు తోటల కూలీలున్నారు, మన గూడెం కొండల అల్లూరి ఉన్నాడు. మద్రాసులో జస్టిస్ పార్టీ ఎన్నికలు బహిష్కరించలేదన్న వాక్యం కూడా ఉంది. ఆ పార్టీ మంత్రి శాఖతోనే తలపడిన ఊరు మాత్రం లేదు. దేశం మొత్తానికి రాసిన పుస్తకంలో అన్నీ పట్టవు, ఆ పుస్తకాన్ని తప్పుపట్టం. పట్టనిదాన్ని ఇక్కడ పూరించాల్సిన వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోవడాన్నే తప్పుపడుతున్నాం.

ఊరి చరిత్ర పేరుతో ఏది పడితే అది పాఠమైపోతుందన్న భయం మాకూ ఉంది. స్థలపురాణం చరిత్రగా చలామణీ అవుతుంది, కులానికో వీరుడు పుట్టుకొస్తాడు, స్థానిక ఎమ్మెల్యే తాతగారు స్వాతంత్ర్య యోధుడైపోతాడు. ఆ పిల్ల దానికీ సమాధానం చెప్పింది. ఓడిపోయిన సంగతి కూడా రాయండి అంది. ఊరి వాళ్లు రాసుకున్న చరిత్రను నమ్మొచ్చో లేదో తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి గుర్తు మాకు తెలియదు. ఎందుకంటే చీరాల గెలవలేదు. 1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలయ్యాక గాంధీజీ అక్కడికి వచ్చి రెండు దారులు చూపారు: అహింసగా పన్ను నిరాకరించడం, లేదా ఊరు వదిలి పోవడం. ఊరు రెండోది ఎంచుకుంది. వేసవి ఎండలు, ఆ తర్వాత వానలు, పాకల్లో బతుకు, మగ్గం సాగక అడుగంటిన ఆదాయం. బయటి చందాలు ఎంతో కాలం ఆదుకోలేదు. రామదండు అనే వాలంటీర్ల దళాన్ని నడిపిన గోపాలకృష్ణయ్యను బరంపురంలో పట్టుకుని ఏడాది జైలుకు పంపారు. చివరికి జనం తమ ఇళ్లకు తిరిగొచ్చారు. మునిసిపాలిటీ అప్పటికి రద్దు కాలేదు. అంతకుముందే పన్ను కట్టనందుకు జైలుకు వెళ్లిన పన్నెండు మందిలో రావూరి అలమేలుమంగమ్మ అనే పెద్దావిడ ఉంది. ఆమె పేరు చీరాలలోనే ఎంతమందికి తెలుసని ఆ పిల్ల అడిగితే హాలు నిశ్శబ్దమైపోయింది.

ఇప్పుడు దారి సంగతి. పబ్లిక్ పరీక్షలో ప్రశ్నలు అడగమని ఆ అమ్మాయి అనలేదు, మేమూ అనడం లేదు. సాంఘికశాస్త్రంలో ప్రాజెక్టు పనికి అంతర్గత మార్కులు ఇప్పటికే ఉన్నాయి. ఆ ప్రాజెక్టులు ఎలా తయారవుతున్నాయో తల్లిదండ్రులకు తెలుసు: నెట్ సెంటర్లో బొమ్మలు ప్రింటు తీయించి, చార్టుకు అంటించి, మెరుపు కాగితం చుట్టి ఇవ్వడం. ఆ మార్కులనే ఊరి చరిత్రకు కేటాయించాలి. తొమ్మిదో తరగతికి జిల్లా విద్యా శిక్షణ సంస్థ, మనం డైట్ అనే సంస్థ, ఊరికి నాలుగు పేజీల చొప్పున చిన్న అనుబంధం తయారుచేయాలి. అందులో కథ కన్నా ఆధారాలు ఎక్కువ ఉండాలి. చీరాలకైతే అప్పటి ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల వార్త ఒకటి, ప్రభుత్వ ఉత్తర్వు ఒకటి, పన్ను లెక్క ఒకటి పెట్టి, ఇవి ఒకదానితో ఒకటి ఎక్కడ పొసగడం లేదో పిల్లలనే పట్టుకోమనాలి. జనాభా 15,000 అని ఒక పుస్తకం, అంతకన్నా ఎక్కువని ఇంకో పుస్తకం రాస్తాయి. ఎందుకలా అని తవ్వడమే పాఠం.

తేలికైన పనేం కాదు. చీరాల అప్పుడు గుంటూరు జిల్లాలో ఉంది, 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలోకి వెళ్లింది, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. నాటి సర్కారు కాగితాల కోసం మద్రాసు ఎగ్మూరులోని ఆర్కైవ్స్ తలుపు తట్టాలి. ఒక స్కూలు టీచరు సెలవు పెట్టి, సొంత ఖర్చుతో రైలెక్కి చేయగల పని కాదది. అందుకే ప్రభుత్వం చేయాలంటున్నాం. ఒకసారి ఆ కాగితాలు స్కాన్ చేసి తెస్తే ఒక్క చీరాలకే కాదు, కోస్తా జిల్లాల ఊళ్లన్నిటికీ పనికొస్తాయి.

పిల్లల చదువును బడి బయటి జీవితంతో ముడిపెట్టాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మొదటి సూత్రంగా రాసుకుంది. 2020 విద్యావిధానం కూడా పాఠ్యపుస్తకాల్లో స్థానికత ఉండాలంది. ఈ రెండింటి మీదా శిక్షణ తరగతులు పెట్టారు, టీ, బిస్కెట్లు ఇచ్చి సంతకాలు తీసుకున్నారు. తీరా ఒక పిల్ల ఆ సూత్రాన్ని పట్టుకుని, లెక్క కట్టి, ఓటమితో సహా తన ఊరిని ముందు పెడితే, పరీక్షలో రాదన్నారు. ఆగస్టు 15కు, అక్టోబరు 2కు గోపాలకృష్ణయ్య బొమ్మకు దండ వేసే చేతులు ఆయన పేరు ఒక పేజీలో పెట్టమంటే వెనక్కి పోతున్నాయి. దీన్ని కపటం అనక ఏమనాలి? దండకు బడ్జెట్ ఉంది, మైకుకు ఉంది, శాలువాకు ఉంది. నాలుగు పేజీల అచ్చుకు లేదా?

పెద్దమనిషి తన మాట వెనక్కి తీసుకోవాలి. ఏ వేదిక మీద నుంచి అన్నారో ఆ వేదిక ఎక్కి, అదే మైకులో, ఆ పిల్లల ముందే తీసుకోవాలి. విద్యాశాఖ వచ్చే విద్యాసంవత్సరానికి ఆ అనుబంధం అచ్చువేస్తామని తేదీతో సహా ప్రకటించాలి. పరిశీలిస్తాం, కమిటీ వేస్తాం అన్న జవాబు మాకు పంపొద్దు. పంపినా అచ్చువేయం.