ఫిక్స్‌డ్ రేటు రుణగ్రహీతకే ఎందుకీ జరిమానా?

అప్పు గడువుకు ముందే తీర్చేస్తామని వెళ్లిన వారి దగ్గర బ్యాంకులు ఎప్పుడు అదనపు రుసుము తీసుకోవచ్చు, ఎప్పుడు తీసుకోకూడదు అన్న విషయంలో రిజర్వు బ్యాంకు 2025 జులై 2న జారీ చేసిన ఆదేశాలు చాలాకాలంగా ఉన్న గందరగోళాన్ని కొంతవరకు తొలగించాయి. 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా రెన్యువల్ అయిన, మార్కెట్‌ను బట్టి వడ్డీ మారే ఫ్లోటింగ్ రేటు రుణాలకు ఇవి వర్తిస్తాయి. వ్యాపారేతర అవసరాలకు వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు రుణంపై ఏ బ్యాంకూ, ఏ ఫైనాన్స్ సంస్థా ముందస్తు చెల్లింపు చార్జీ వసూలు చేయకూడదు. డబ్బు సొంతదా, మరో బ్యాంకు నుంచి తెచ్చిందా అని అడగడానికి వీల్లేదు. కొంత మొత్తం కట్టినా, పూర్తిగా తీర్చినా ఒకటే నియమం. మొదటి ఏడాది తీర్చకూడదు వంటి లాకిన్ షరతు కూడా చెల్లదు. అయితే ఈ రక్షణ ఫ్లోటింగ్ రేటు దగ్గరే ఆగిపోయింది. వడ్డీ మారని ఫిక్స్‌డ్ రేటుతో అప్పు తీసుకున్నవారి విషయాన్ని సంస్థల సొంత విధానాలకే వదిలిపెట్టారు. ఈ చర్చ ఇప్పుడు జరగవలసింది అక్కడే.

ఈ తేడా ఇవాళ పుట్టింది కాదు. బ్యాంకు ఖాతాదారుల సేవలపై వేసిన దామోదరన్ కమిటీ సిఫారసుల తర్వాత 2012 జూన్‌లో ఫ్లోటింగ్ రేటు గృహ రుణాలపై బ్యాంకులు ఈ జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు చెప్పింది. 2014 మే నెలలో ఆ నియమాన్ని వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు టర్మ్ రుణాలన్నింటికీ విస్తరించింది. అది వ్యాపారేతర రుణాలకేనని, సహ రుణగ్రహీత ఉన్నా వర్తిస్తుందని 2019 ఆగస్టులో స్పష్టం చేసింది. కాబట్టి 2026కు ముందు ఫ్లోటింగ్ రేటుతో ఇంటి అప్పు తీసుకున్న ఉద్యోగి కొత్త ఆదేశాలు తనకు వర్తించవేమోనని బెంగపడనక్కర్లేదు. అతనికి పాత నియమమే కాపు కాస్తుంది. కొత్తగా మేలు కలిగింది ప్రధానంగా చిన్న వ్యాపారులకు. తన పేరు మీద వ్యాపారానికి అప్పు తెచ్చుకున్న వ్యక్తి నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి వాణిజ్య బ్యాంకులు ఇకపై ఈ చార్జీ తీసుకోలేవు. గ్రామీణ బ్యాంకులు, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకుల వంటి వాటికి మాత్రం మంజూరైన మొత్తం రూ.50 లక్షలు దాటని రుణాలపైనే ఈ నిషేధం ఉంది.

ఫ్లోటింగ్ రేటుకు మినహాయింపు ఇవ్వడంలోని న్యాయం తేలికగానే అర్థమవుతుంది. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ అయిన రెపో రేటు పెరిగితే ఆ భారం రుణగ్రహీతే మోస్తాడు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో 4 శాతం నుంచి 6.5 శాతానికి పెరిగినప్పుడు ఎందరి గృహ రుణాల గడువు ఏళ్ల తరబడి సాగిపోయిందో వాయిదాలు కట్టినవారికి తెలుసు. వడ్డీ హెచ్చుతగ్గుల ప్రమాదం ఖాతాదారుడి నెత్తినే ఉన్నప్పుడు, అతను ముందుగా తీర్చేసినందువల్ల రేటు రూపంలో బ్యాంకుకు వచ్చే నష్టం దాదాపు ఉండదు. తిరిగొచ్చిన డబ్బును అప్పటి మార్కెట్ రేటుకే మరొకరికి ఇస్తుంది.

ఫిక్స్‌డ్ రేటులో లెక్క వేరు, ఈ విషయంలో బ్యాంకుల వాదనను కొట్టిపారేయలేం. అయిదేళ్లపాటు ఒకే వడ్డీకి అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు అందుకు తగ్గ డబ్బును కూడా అంతకాలానికి ఒక రేటుకు సమకూర్చుకుంటుంది. తర్వాత మార్కెట్లో వడ్డీలు పడిపోతే రుణగ్రహీత చౌకగా మరోచోట తెచ్చి ఇక్కడ తీర్చేస్తాడు. బ్యాంకు మాత్రం డిపాజిటరుకు పాత రేటే ఇస్తూ, చేతికొచ్చిన డబ్బును తక్కువకు ఇచ్చుకోవాలి. ఆ తేడాకు పరిహారం అడగడం అన్యాయమేమీ కాదు. మా అభ్యంతరం పరిహారంపై కాదు, దాన్ని లెక్కించే తీరుపై.

ఒక వ్యక్తిగత రుణాన్ని తీసుకుందాం. అసలు రూ.5 లక్షలు, వడ్డీ 14 శాతం ఫిక్స్‌డ్, గడువు అయిదేళ్లు. నెలవారీ వాయిదా సుమారు రూ.11,634 అవుతుంది. రెండేళ్లు క్రమం తప్పకుండా కట్టాక ఇంకా బాకీ ఉండే అసలు దాదాపు రూ.3,40,400. ఇప్పుడు మరో బ్యాంకు 11 శాతానికి ఇస్తానంటుంది. మూడు శాతం తేడా అంటే ఎవరికైనా ఆశ కలుగుతుంది. మిగిలిన మూడేళ్లకు ఈ బాకీనే 11 శాతానికి మార్చుకుంటే వాయిదా సుమారు రూ.11,144కు దిగుతుంది, అంటే నెలకు రూ.490 ఆదా. కానీ పాత ఒప్పందంలో ముందుగా తీర్చేస్తే బాకీపై 4 శాతం ఫోర్‌క్లోజర్ చార్జీ కట్టాలని రాసి ఉందనుకుందాం. అది సుమారు రూ.13,616, దానిపై 18 శాతం జీఎస్టీ మరో రూ.2,451. ఈ రెండూ కలిపి కొత్త అప్పులోంచే చెల్లిస్తే కొత్త వాయిదా రూ.11,670 అవుతుంది. పాత వాయిదా కంటే రూ.36 ఎక్కువ! కొత్త బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు ఇంకా కలపనే లేదు. మూడు శాతం వడ్డీ తగ్గించుకుందామని బయలుదేరిన మనిషి ఏమీ మిగుల్చుకోలేక ఇంటికి తిరిగివస్తాడు.

నిజం చెప్పాలంటే, ఈ సందర్భంలో పాత బ్యాంకు అడిగింది మరీ ఎక్కువేమీ కాదు. తిరిగొచ్చిన డబ్బును అది 11 శాతానికే మళ్లీ ఇచ్చుకోవలసి వస్తే మూడేళ్లలో పోగొట్టుకునేది కూడా దాదాపు అంతే ఉంటుంది. అదే రుణాన్ని నాలుగేళ్లు కట్టిన తర్వాత, ఏడాది మాత్రమే మిగిలి ఉండగా తీర్చబోయాడనుకోండి. అప్పుడు బాకీ సుమారు రూ.1,29,600. ఏడాదిలో కట్టవలసిన వడ్డీ మొత్తం రూ.10,000 చిల్లర. చార్జీ మళ్లీ అదే 4 శాతం, జీఎస్టీతో కలిపి రూ.6,100 పైమాటే. బోనస్ డబ్బుతోనో, చిట్టీ పాడుకున్న డబ్బుతోనో అప్పు తీర్చేద్దామనుకున్నవాడు ఆదా చేసే వడ్డీలో సగానికి పైగా జరిమానాకే పోతుంది. బ్యాంకు నష్టమో? మూడు శాతం తేడాతో ఏడాదిపాటు లెక్కిస్తే రూ.2,200కు మించదు. వసూలు చేసేది, జీఎస్టీ కాకుండానే, రూ.5,180. మార్కెట్ వడ్డీలు తగ్గకుండా ఉన్న చోటే ఉంటే, లేదా పెరిగితే, ఈ లెక్కలో బ్యాంకుకు నష్టమే ఉండదు. అయినా 4 శాతం 4 శాతమే. జరిగిన నష్టంతో సంబంధం లేకుండా వసూలు చేసేదాన్ని పరిహారం అనలేం.

ఐరోపా సమాఖ్య 2008లోనే వినియోగ రుణాల విషయంలో ఒక గీత గీసింది. గడువు ఏడాదికి పైగా మిగిలి ఉంటే ముందుగా తీర్చే మొత్తంలో 1 శాతానికి, అంతకంటే తక్కువ ఉంటే అర శాతానికి మించి పరిహారం తీసుకోకూడదు. రుణగ్రహీత గడువు దాకా కొనసాగితే కట్టే వడ్డీని కూడా అది మించకూడదు. గడువు తగ్గేకొద్దీ చార్జీ తగ్గాలన్న ఈ సూత్రం మన ఆదేశాల్లో లేదు. టర్మ్ రుణాలపై చార్జీ వేస్తే ముందుగా తీర్చే మొత్తం మీదే వేయాలని మాత్రం రిజర్వు బ్యాంకు చెప్పింది. మంచిదే, కానీ సరిపోదు. మరోవైపు సొంత డబ్బుతో తీర్చేవారిని, మరో సంస్థ నుంచి అప్పు తెచ్చి తీర్చేవారిని వేరుచేసి చూసిన నమూనా మన దగ్గరే ఉంది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్ అనే సమగ్ర ఆదేశాల్లో, ఫిక్స్‌డ్ రేటు గృహ రుణాన్ని బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ నుంచి తెచ్చిన అప్పుతో కాకుండా సొంత వనరులతో తీర్చేవారిపై చార్జీ వేయకూడదని నిర్దేశించారు. ఇంటి అప్పుకు సబబైనది కారు అప్పుకు, పెళ్లి అప్పుకు ఎందుకు సబబు కాదో నియంత్రణ సంస్థే చెప్పాలి. వ్యక్తిగత, వాహన రుణాల్లో అధిక భాగం ఫిక్స్‌డ్ రేటుతోనే నడుస్తున్నాయి. మినహాయింపు ఇంటి అప్పు తీసుకున్నవారికి బాగా అందుతోంది, ద్విచక్ర వాహనం అప్పు కడుతున్నవాడికి అందడం లేదు.

మరో చిక్కు, ఖాతాదారుడికి తన అప్పు ఏ రకమో తెలియకపోవడం. మొదటి రెండు మూడేళ్లు ఫిక్స్‌డ్‌గా ఉండి ఆ తర్వాత ఫ్లోటింగ్‌లోకి మారే రుణాలు ఉన్నాయి. వాటికి చార్జీ వర్తిస్తుందా లేదా అన్నది తీర్చే రోజున రుణం ఏ రేటులో ఉందన్న దాన్ని బట్టి తేలుతుంది. ఫిక్స్‌డ్ దశ ముగియడానికి నెల ముందు తీర్చినవాడు జరిమానా కట్టవలసి రావచ్చు, నెలాగితే ఏమీ ఉండదు. కౌంటరు దగ్గర ఈ మాట చెప్పే ఓపిక అందరికీ ఉండదు కనుక ఖాతాదారుడే కాగితాలు చూసుకోవాలి. 2024 అక్టోబరు నుంచి రిటైల్ రుణాలకు తప్పనిసరైన కేఎఫ్‌ఎస్ అనే కీలక వివరాల పత్రంలో వడ్డీ ఫిక్స్‌డా, ఫ్లోటింగా, రెండూ కలిసిందా అన్నది ఒక గడిలో, ఫోర్‌క్లోజర్ చార్జీ మరో గడిలో ఉంటాయి. ఆ పత్రంలో చూపని చార్జీని తర్వాత వసూలు చేయకూడదు. పాత రుణమై ఆ పత్రం లేకపోతే మంజూరు పత్రంలో రెపోకు ఇంత కలిపి అన్న మాట ఉందేమో చూడాలి. 2022 పెంపు తర్వాత తన వాయిదా గానీ గడువు గానీ పెరిగి ఉంటే ఆ అప్పు ఫ్లోటింగ్ అనే చెప్పవచ్చు. అలాంటి ఖాతాకు ఫోర్‌క్లోజర్ చార్జీ కలిపి స్టేట్‌మెంట్ ఇస్తే శాఖలో లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపాలి. ముప్ఫై రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

రిజర్వు బ్యాంకు తదుపరి అడుగు ఫిక్స్‌డ్ రేటు రుణాలపై చార్జీని నిషేధించడం కావాలని మేం కోరడం లేదు. పూర్తి నిషేధం పెడితే బ్యాంకులు ఆ నష్టాన్ని ముందే అంచనా వేసి ఫిక్స్‌డ్ రేటునే పెంచుతాయి. చివరిదాకా నమ్మకంగా వాయిదాలు కట్టేవారు, మధ్యలో వెళ్లిపోయేవారి ఖర్చు కూడా మోయవలసి వస్తుంది. మిగిలిన గడువుతో పాటు తగ్గే గరిష్ఠ పరిమితి, చివరి ఏడాదిలో పూర్తి మినహాయింపు, సొంత డబ్బుతో తీర్చే వ్యక్తులపై చార్జీ లేకపోవడం, ఈ మూడూ వ్యక్తిగత, వాహన రుణాలకు వర్తింపజేస్తే చాలు. వాటితో పాటు, ఈ రోజు తీర్చేస్తే జీఎస్టీతో కలిపి చార్జీ ఎంత పడుతుంది, గడువు దాకా కడితే వడ్డీ ఎంత అవుతుంది అన్న రెండు అంకెలను ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్‌లో రూపాయల్లో పక్కపక్కనే ముద్రించాలని ఆదేశించాలి. ఆ లెక్క బ్యాంకు కంప్యూటర్లో ఇప్పటికే ఉంది.