బకాయిల వారికి, బకెట్ల వారి తరఫున

మా అపార్ట్‌మెంటులోని 30 ఫ్లాట్ల ఓనర్లకు, అద్దెకున్నవారికి, డాలస్‌లో ఉంటూ అద్దె మాత్రం ఒకటో తారీఖునే అందుకునే పెద్దలకు కమిటీ నమస్కారాలు.

ముందుగా 21 ఫ్లాట్ల వారికి క్షమాపణలు. మీరు నెలనెలా 2,000 రూపాయల మెయింటెనెన్స్ కడుతున్నారు కాబట్టి ఈ ఉత్తరం మీకు కాదు. కానీ చదివేది మీరే, ఎందుకంటే మిగతా తొమ్మిది మంది గ్రూపును మ్యూట్‌లో పెట్టారు.

ఆ తొమ్మిది మందికి చిన్న లెక్క. వాచ్‌మన్‌కు 15,000, లిఫ్ట్ ఏఎంసీకి 5,000, కామన్ మీటర్ కరెంటుకు 14,000, ఊడ్చే ఆమెకు 6,000, టాంకర్లకు 8,000. మొత్తం 48,000. వసూలయ్యేది 42,000. ఆ తేడా 6,000 ప్రతినెలా కార్పస్ ఫండ్‌లోంచి తీస్తున్నాం. లిఫ్ట్ మాత్రం కట్టినవాళ్ళనూ కట్టనివాళ్ళనూ ఒకేలా మోస్తోంది. దానికి ఇంకా బుద్ధి రాలేదు.

కట్టకపోవడానికి మీరు చెప్పే కారణాలను మేము గౌరవిస్తాం. ఓనరును అడిగితే "అద్దెకున్నవాళ్ళు కడతారు" అంటారు. వాళ్ళను అడిగితే "అద్దెలోనే కలిపి ఓనరుకు ఇచ్చేశాం" అంటారు. ఇద్దరూ సంక్రాంతికి ఒకే లిఫ్టులో కలిసి ఎక్కారు, ఆ మాట మాత్రం మాట్లాడుకోలేదు. గ్రౌండ్ ఫ్లోర్ వారు "నాకు లిఫ్టూ అక్కర్లేదు, టెర్రసూ అక్కర్లేదు" అన్నారు. అయ్యా, వడియాలు ఎక్కడ ఎండబెట్టారు?

ఇక 502 సంగతి. పోయిన వానాకాలం వాళ్ళ బెడ్‌రూంలో మంచం పక్కన నీలం రంగు టబ్బు పెట్టుకున్నారు. రాత్రి టప్ టప్ మంటుంటే నిద్ర పట్టక టబ్బులో పాత తువ్వాలు వేశారట. అది టెర్రస్ తప్పా, పైపు తప్పా అని మనం నెలన్నర వాదించుకున్నాం. తేల్చడం సులువే: చెమ్మ వాన పడ్డాకే వచ్చి, ఎండాకాలం ఆరిపోతే టెర్రస్ లీకు. ఏడాది పొడవునా తడిగా ఉంటే పైపో, బాత్రూమో. 502 స్లాబు ఏప్రిల్‌లో ఎముకలా ఎండిపోయింది. కాబట్టి నేరస్తురాలు టెర్రసే.

మేస్త్రిని పైకి తీసుకెళ్ళాం. మూడేళ్ళ కిందట వేయించిన తెల్ల పెయింటును ఆయన వేలితో గోకితే అప్పడంలా లేచి వచ్చింది. దుమ్ము కడగకుండా, పగుళ్ళు పూడ్చకుండా పైపైన కొట్టేశారట. చవకగా అయిందని అప్పుడు మనమే చప్పట్లు కొట్టాం. డిష్ యాంటెన్నాల కోసం స్లాబులో దించిన బోల్టులు ఆరు లెక్కపెట్టాడు. వాటిలో నాలుగింటికి డిష్‌లు లేవు, రంధ్రాలు మాత్రం పనిచేస్తున్నాయి. వాన నీళ్ళ గొట్టం మూతి దగ్గర ఎండుటాకులు, ఒక గుట్కా ప్యాకెట్టు, ఎవరిదో పిల్లాడి చెప్పు. నీళ్ళు అక్కడే నిలబడి, 502 తలుపు తట్టకుండానే లోపలికి వెళ్తున్నాయి.

ఈసారి పద్ధతిగా చేస్తాం. ఊడిన పూతంతా చెక్కేసి కడగాలి. పగుళ్ళను వెడల్పు చేసి పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపాలి. పిట్టగోడ, స్లాబు కలిసే మూలలను గుండ్రంగా తీర్చాలి, ఎందుకంటే పగులు ముందు అక్కడే విచ్చుకుంటుంది. తర్వాత వాటర్‌ప్రూఫింగ్ కోటు, దానిమీద వల, అది ఆరాక అడ్డంగా రెండో కోటు. పూర్తిగా ఆరాక గొట్టం మూతి మూసి, అంగుళం లోతున నీళ్ళు నింపి 48 గంటలు చూడాలి. 3,000 చదరపు అడుగులకు అదే దాదాపు ఏడు వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల టాంకరైతే ఒకటిన్నర. రోహిణి కార్తెలో నీళ్ళు కొని టెర్రస్ మీద పోస్తున్నారేమిటని ఎవరూ అడగవద్దు. ఈ పరీక్ష మనం చేయకపోతే మృగశిర కార్తె చేస్తుంది, 502 వారి మంచం మీద.

అంచనా చదరపు అడుగుకు 42 రూపాయలు, మొత్తం 1,26,000. బకాయిలు తొమ్మిది ఫ్లాట్లు, సగటున ఏడు నెలలు, నెలకు 2,000. గుణించి చూడండి. మేము మూడుసార్లు గుణించాం, నమ్మలేక.

మేస్త్రి సగం డబ్బు ముందు అడిగాడు. జూన్ మొదటి వారానికి పని ముగియాలంటే మే 20 లోపు డబ్బు చేరాలి. కట్టినవారు స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టండి. "రేపు పంపుతా" అన్న మెసేజ్‌కు రసీదు ఇవ్వబడదు. తమ బోల్టులు తీయనివారి బోల్టులను మేస్త్రే తీస్తాడు. ఆ చెప్పు వాచ్‌మన్ దగ్గర ఉంది.

ఇట్లు,
కమిటీ తరఫున సెక్రటరీ

తా.క.: ఆ తొమ్మిదిలో ఒక ఫ్లాటు నాదే, రెండు నెలలు. ఈ ఉత్తరం రాస్తూ మధ్యలో కట్టేశాను. స్క్రీన్‌షాట్ గ్రూపులో ఉంది, ఇప్పటికి ఇద్దరు చూశారు.